“బ్యాంకు డబ్బు ఆపింది” అని రాస్తే సరిపోదు: ఎల్.సి. డిస్క్రిపెన్సీపై బయ్యరుకు రాసే ఉత్తరం

కరూరు, తిరుప్పూరు, కోయంబత్తూరు వైపు నేత, నిట్టింగు పనుల్లో ఉన్న మన ఇళ్ళలో ఎగుమతి చేసేవాళ్ళు చాలామంది. ఇంట్లో తెలుగు, ఫ్యాక్టరీలో తమిళం, బయ్యరుకు ఉత్తరం ఇంగ్లీషులో. ఈ మూడో భాషలో రాసే ఉత్తరాల్లో డబ్బుతో నేరుగా ముడిపడినది ఒకటుంది. సరుకు ఓడెక్కి, కాగితాలు విదేశీ బ్యాంకుకు చేరాక, “డిస్క్రిపెన్సీ ఉంది” అంటూ ఆ బ్యాంకు చెల్లింపు ఆపినప్పుడు బయ్యరుకు రాసే ఉత్తరం అది. ఎక్కువ ఆఫీసుల నుంచి అది దాదాపు ఇలాగే వెళ్తుంది: “సరుకు మంచి నాణ్యతతో పంపాము. డాక్యుమెంట్లలో చిన్న డిస్క్రిపెన్సీ వల్ల బ్యాంకు డబ్బు ఆపింది. దయచేసి తగిన చర్య తీసుకుని పేమెంట్ త్వరగా విడుదల చేయించగలరు.”

మర్యాదలో లోటేమీ లేదు. కానీ చదివిన బయ్యరుకు తాను ఏం చేయాలో తెలియదు. “మాకు సరుకు మీద అభ్యంతరం లేదు, బ్యాంకు విషయం మీరు చూసుకోండి” అని జవాబిస్తాడు. అది చూసి ఇక్కడివాళ్ళు బయ్యరు ఒప్పుకున్నాడని సంతోషిస్తారు. డబ్బు మాత్రం రాదు. ఎందుకు రాదో, ఉత్తరం ఎలా ఉంటే వస్తుందో ఒక నమూనా కేసుతో చెప్తాం. తేదీలు, అంకెలు వివరణ కోసం మేము వేసుకున్నవే. చిక్కు మాత్రం ఈ వ్యాపారంలో అందరూ ఎరిగిందే.

కరూరులో ఒక చిన్న యూనిట్. జర్మనీలోని హాంబర్గ్ బయ్యరుకు 36,000 వంటింటి టవళ్ళు, ఒక్కోటి 80 సెంట్లు, మొత్తం 28,800 డాలర్లు. ఎల్.సి. ప్రకారం సరుకు మార్చి 10 లోపు ఓడెక్కాలి. ఓడెక్కిన 15 రోజుల్లో డాక్యుమెంట్లు ఇక్కడి బ్యాంకులో ఇవ్వాలి. ఎల్.సి. గడువు మార్చి 25న ఇండియాలో ముగుస్తుంది. కంటెయినర్ తూత్తుకుడి రేవుకు సకాలంలోనే వెళ్ళింది, కానీ కొలంబోకు తీసుకెళ్ళే ఫీడర్ ఓడ రెండు రోజులు ఆలస్యమైంది. మర్చండైజర్ బయ్యరుకు మెయిల్ పెట్టాడు, “12న పంపండి, ఫర్వాలేదు” అని జవాబు వచ్చింది. 12న సరుకు ఓడెక్కింది.

చిక్కు ఇక్కడే మొదలైంది. బయ్యరు మెయిల్‌లో ఒప్పుకున్నంత మాత్రాన ఎల్.సి. మారదు. ఎల్.సి.లో తేదీ మారాలంటే బయ్యరు తన బ్యాంకుకు దరఖాస్తు పెట్టాలి, ఆ బ్యాంకు సవరణ జారీ చేయాలి, అది మన బ్యాంకు ద్వారా మనకు అందాలి. స్విఫ్ట్‌లో ఆ సందేశం పేరు MT 707. ఈ కేసులో సవరణ అడగాలని ఎవరికీ తోచలేదు, మెయిల్ చాలనుకున్నారు. బ్యాంకులు ఎల్.సి. డాక్యుమెంట్లను అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన యు.సి.పి. 600 నిబంధనల ప్రకారం చూస్తాయి. 2007 జూలై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. వాటి మూలసూత్రం చాలా సాదాగా ఉంటుంది: బ్యాంకు చూసేది కాగితాలను, సరుకును కాదు. బయ్యరుకు, మనకు మధ్య నడిచిన మాటలూ దానికి సంబంధం లేనివే.

మార్చి 18న కరూరు బ్యాంకులో డాక్యుమెంట్లు ఇచ్చారు. ఆలస్యపు షిప్‌మెంట్‌ను ఆ బ్యాంకు వెంటనే పట్టుకుంది. అది దిద్దేది కాదు కాబట్టి, “అప్రూవల్ మీద పంపుతాం” అని జర్మనీకి పంపింది. ఆ హడావిడిలో ఇన్వాయిస్ మళ్ళీ ఎవరూ చదవలేదు. 23న డాక్యుమెంట్లు అక్కడి బ్యాంకుకు అందాయి. 27న తిరస్కరణ నోటీసు, అంటే MT 734, వచ్చింది. అందులో 77J అనే గడిలో మూడు అంశాలున్నాయి.

మొదటిది ఆలస్యపు షిప్‌మెంట్. రెండోది సరుకు వర్ణన. ఎల్.సి.లో “నూరు శాతం కాటన్ కిచెన్ టవల్స్” అని ఉంటే ఇన్వాయిస్‌లో “కాటన్ టీ టవల్స్” అని ఉంది. మూడోది చిరునామా. యూనిట్ కొత్త షెడ్డుకు మారింది కనుక ఇన్వాయిస్‌లో కొత్త డోరు నంబరు, వీధి ఉన్నాయి, ఎల్.సి.లో పాతవి.

ఉత్తరం రాయడానికి కూర్చునే ముందు ఈ మూడింటినీ వేరు చేసుకోవాలి. మూడూ ఒకే జాతివి కావు, ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది. మా దృష్టిలో అసలు పని ఇదే, ఇంగ్లీషు ఆ తర్వాతి సంగతి.

మొదటిది నిజమైన లోపం. బిల్ ఆఫ్ లేడింగ్ మీద జారీ తేదీ మార్చి 9 అని ఉన్నా, “ఆన్ బోర్డ్” ముద్రలో మార్చి 12 ఉంటే షిప్‌మెంట్ తేదీ 12 అవుతుంది. దాన్ని మార్చే దారి లేదు. షిప్పింగ్ ఏజెంటును బతిమాలి వెనక తేదీ వేయించుకుందామని సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అది మోసం కిందికి వస్తుంది. ఓడ ఏ రోజు కదిలిందో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడగలరు కూడా. కాబట్టి దీనికి బయ్యరు మన్నింపు, బ్యాంకు భాషలో వైవర్, తప్ప వేరే గతి లేదు.

రెండోదీ లోపమే. మిగతా కాగితాల్లో సరుకును క్లుప్తంగా రాయవచ్చు, ఎల్.సి.తో విభేదించకుంటే చాలు. ఇన్వాయిస్‌లో మాత్రం వర్ణన ఎల్.సి.లోని 45A గడితో సరిపోలాలి. బయ్యరు ఆర్డరులో “టీ టవల్స్” అని ఉంది, గుమాస్తా అదే దించాడు. వ్యాపారంలో రెండూ ఒకటే అయినా బ్యాంకుకు కాదు. మార్చి 25 లోపు పట్టుకుని ఉంటే కొత్త ఇన్వాయిస్ ఇచ్చి దీన్ని పూర్తిగా తీసేయగలిగేవారు. 15 రోజుల లెక్క ప్రకారం 27 దాకా వీలున్నట్టు కనిపిస్తుంది గానీ, గడువు 25నే ముగుస్తుంది. రెండింటిలో ముందు వచ్చేదే లెక్క. నోటీసు 27న వచ్చింది. ఇప్పుడు సరిచేసిన ఇన్వాయిస్ పంపితే అదే గడువు దాటిన కాగితం అవుతుంది. అందువల్ల దీనికీ వైవరే కావాలి.

మూడోది డిస్క్రిపెన్సీయే కాదు. యు.సి.పి. 600లోని 14(j) ప్రకారం బయ్యరు, ఎగుమతిదారుల చిరునామాలు ఎల్.సి.లో ఉన్నట్టే ఉండనక్కర్లేదు, అదే దేశంలో ఉంటే చాలు. ఫోను, మెయిలు వంటి వివరాలనైతే లెక్కలోకే తీసుకోరు. దీని మీద వాదించవలసింది బయ్యరుతో కాదు. మన బ్యాంకు ఆ నిబంధన చూపిస్తూ అక్కడి బ్యాంకుకు స్విఫ్ట్‌లో రాయాలి. అది అడిగి చేయించుకోవాలి, తనంతట తానుగా రాయని బ్యాంకులే ఎక్కువ. మిగతా రెండూ నిజమైనవే కాబట్టి, ఈ ఒక్కటి గెలిచినంత మాత్రాన తిరస్కరణ పోదు. అయినా “మా వల్ల మూడు తప్పులు జరిగాయి” అని రాసివ్వడం కంటే రెండని చెప్పడం మేలు. రేపు బయ్యరు ధర తగ్గించమన్నప్పుడు ఆ ఉత్తరమే మన ముందు పెడతాడు.

నోటీసు తేదీని కూడా ఒకసారి సరిచూసుకోవాలి. డాక్యుమెంట్లు అందిన మర్నాటి నుంచి ఐదు బ్యాంకు పనిదినాల్లోపు, లోపాలన్నీ ఒకే నోటీసులో, కాగితాలను ఏం చేస్తున్నదీ చెబుతూ బ్యాంకు తిరస్కరణ పంపాలి. అలా పంపకపోతే ఆ లోపాలను చూపి చెల్లింపు ఎగ్గొట్టే హక్కు దానికి పోతుంది. ఈ కేసులో 23న అంది 27న నోటీసు వచ్చింది కనుక ఆ దారి మూసుకుంది. మీ కేసులో తెరిచి ఉంటే బయ్యరుకు వైవర్ ఉత్తరం రాసే ముందు మీ బ్యాంకుతో మాట్లాడండి.

ఇక ఉత్తరం. మొదటి ఉత్తరం మార్చి 30న వెళ్ళింది, “మాకు అభ్యంతరం లేదు” అనే జవాబు ఏప్రిల్ 7న వచ్చింది. కంటెయినర్ ఏప్రిల్ 20 ప్రాంతంలో హాంబర్గ్ చేరుతుంది. ఏప్రిల్ 9న వెళ్ళవలసిన రెండో ఉత్తరాన్ని తెలుగులో ఇలా ఊహించవచ్చు. ఇంగ్లీషులో పెట్టుకునేటప్పుడు ఇదే వరస ఉంచండి.

“విషయం: మీ బ్యాంకు జారీ చేసిన ఎల్.సి. నంబరు ఫలానా, మా ఇన్వాయిస్ నంబరు ఫలానా, 28,800 డాలర్లు. డాక్యుమెంట్లను అంగీకరించమని మీరు మీ బ్యాంకుకు ఏప్రిల్ 14 లోపు రాతపూర్వకంగా తెలియజేయవలసి ఉంది.

మీ ఆర్డరు నంబరు ఫలానా కింద 36,000 టవళ్ళు మార్చి 12న తూత్తుకుడిలో ఓడెక్కాయి. ఏప్రిల్ 20 ప్రాంతంలో హాంబర్గ్ చేరవలసి ఉంది. డాక్యుమెంట్లు మార్చి 23న మీ బ్యాంకుకు అందాయి. మార్చి 27న మీ బ్యాంకు వాటిని తిరస్కరించి, మీ వైవర్ వచ్చేదాకా తన దగ్గరే ఉంచుకున్నట్టు తెలిపింది. నోటీసు కాపీ జతచేశాము. అందులోని అంశాలు ఇవి.

ఒకటి, ఓడెక్కిన తేదీ మార్చి 12, ఎల్.సి.లోని చివరి తేదీ మార్చి 10. ఈ రెండు రోజుల ఆలస్యానికి మీరు మెయిల్ ద్వారా ముందే సమ్మతించారు. మెయిల్ కాపీ జతచేశాము. ఎల్.సి.కి సవరణ రానందున బ్యాంకు ఆ సమ్మతిని లెక్కలోకి తీసుకోలేదు.

రెండు, ఇన్వాయిస్‌లో టీ టవల్స్ అని, ఎల్.సి.లో కిచెన్ టవల్స్ అని ఉంది. టీ టవల్స్ అన్నది మీ ఆర్డరులోని పేరు. సరుకు ఒకటే. మీ కస్టమ్స్ అవసరం కోసం ఎల్.సి. పేరుతో కొత్త ఇన్వాయిస్ కూడా సిద్ధంగా ఉంది.

మూడు, మా చిరునామా తేడా. ఇది యు.సి.పి. 600, 14(j) ప్రకారం డిస్క్రిపెన్సీ కాదని మా బ్యాంకు మీ బ్యాంకుకు తెలియజేసింది. అయినా ఆలస్యం కాకుండా, మీ వైవర్ నోటీసు మొత్తానికి వర్తించేలా ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

ఈ అంశాలను బ్యాంకు మా వైపు నుంచి సరిచేయించుకోలేదు, ఎల్.సి. గడువు ముగిసింది. మీరు మీ బ్యాంకు దిగుమతి విభాగానికి, వారి నమూనాలో, ఎల్.సి.పై సంతకం చేసే అధికారం ఉన్నవారితో వైవర్ ఇప్పించాలి. బ్యాంకు దాన్ని అంగీకరించి చెల్లించాక అసలు బిల్ ఆఫ్ లేడింగ్ మీకు అందుతుంది. అది లేకుండా కంటెయినర్ విడిపించడం కుదరదు. వైవర్ ఇచ్చిన రోజే దాని కాపీ మాకు పంపండి. ఇవ్వదలచుకోకపోతే కారణం ఏప్రిల్ 14 లోపు తెలపండి.”

అంతే. ఇందులో “పేమెంట్ విడుదల చేయండి” అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. ఎల్.సి. కింద చెల్లించేది బ్యాంకు, బయ్యరు కాదు. బయ్యరు చేతిలో ఉన్నది వైవర్ ఒక్కటే కనుక అడగవలసింది కూడా అదే. మొదటి ఉత్తరం అసలు దెబ్బతిన్నది ఇక్కడే: లోపం ఏమిటో, పని ఎవరిదో, ఎవరికి రాయాలో ఏదీ చెప్పలేదు.

ఉత్తరం ఎవరికి వెళ్తుందన్నదీ ముఖ్యమే. మన మర్చండైజర్ రోజూ మాట్లాడేది అవతలి కొనుగోలు విభాగంతో. వాళ్ళకు రంగు, కొలత, ప్యాకింగు తెలుసు, బ్యాంకు ఫారం తెలియదు. వైవర్ మీద సంతకం పెట్టేది సాధారణంగా వాళ్ళ ఫైనాన్స్ విభాగం. కాబట్టి ఉత్తరం ఫైనాన్స్ పేరుతో, కొనుగోలు విభాగానికి కాపీతో వెళ్ళాలి. మన బ్యాంకుకు కూడా ఒక కాపీ ఇవ్వండి, అప్పుడు వాళ్ళు స్విఫ్ట్‌లో గుర్తుచేయడం సులువవుతుంది.

ఉత్తరంలో పెట్టకూడనివీ కొన్ని ఉన్నాయి. డిస్కౌంట్ మాట మనంతట మనం ఎత్తకూడదు. ఎత్తితే చిన్న కాగితపు లోపం కాస్తా ధర బేరం అవుతుంది. అలాగే, పని త్వరగా అవుతుందని అసలు బిల్ ఆఫ్ లేడింగ్‌లలో ఒకదాన్ని నేరుగా బయ్యరుకు పంపడం, లేదా అది లేకుండానే సరుకు ఇచ్చేయమని షిప్పింగ్ కంపెనీకి చెప్పడం అసలు చేయకూడదు. కాగితాలు బ్యాంకు దగ్గర ఉన్నంతసేపు బయ్యరుకు కూడా తొందర ఉంటుంది. సరుకు చేతికి వచ్చాక ఆ తొందర మనదొక్కటే.

ఇంకో మాట బ్యాంకు కౌంటరులో వినిపిస్తుంది: “కలెక్షన్ మీద పంపేద్దాం.” లోపాలున్న డాక్యుమెంట్లను ఎల్.సి. కిందే అప్రూవల్‌కు పంపడం వేరు, ఎల్.సి.ని పక్కనబెట్టి మామూలు కలెక్షన్ బిల్లుగా పంపడం వేరు. రెండో దారిలో అక్కడి బ్యాంకు పూచీ పోతుంది, బయ్యరు ఇస్తేనే డబ్బు. ఐదు రోజుల గడువు, ఒకే నోటీసు వంటి రక్షణలు కూడా పోతాయి. అందుకే మన బ్యాంకు కవరింగ్ లెటర్ మీద యు.సి.పి. 600 అని ఉందో లేదో చూసుకోవాలి.

వైవర్ ఇచ్చేశామని బయ్యరు ఫోనులో చెప్తే పని అయిపోయినట్టు కాదు. వైవర్‌ను బ్యాంకు ఒప్పుకోవాలని ఏ నిబంధనా లేదు. బయ్యరును వైవర్ అడగడమే దాని ఇష్టం. బయ్యరు పరపతి పరిమితి నిండిపోయినా, అతని పరిస్థితి బాగోలేదని అనిపించినా, అతను సంతకం పెట్టాక కూడా బ్యాంకు కాదనవచ్చు. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. వైవర్ కాపీ మన చేతికి వచ్చి మూడు నాలుగు పనిదినాలైనా అక్కడి బ్యాంకు నుంచి అంగీకార సందేశం గానీ డబ్బు గానీ రాకపోతే, ఆలస్యం బయ్యరు దగ్గర లేదు. అప్పుడు బయ్యరుకు మళ్ళీ ఉత్తరాలు రాయడం దండగ. మన బ్యాంకు చేత, “వైవర్ అందిందా, అంగీకరించారా” అని స్విఫ్ట్‌లో నేరుగా అడిగించాలి. కాపీయే రాకపోతే సంతకం ఇంకా పడలేదనుకోవాలి.

బయ్యరు అసలు మొండికేస్తే? సాధారణంగా ఈ మధ్యలో అక్కడ ధర పడిపోయి ఉంటుంది, లేదా సీజన్ దాటి ఉంటుంది. రెండు రోజుల ఆలస్యం సాకు మాత్రమే. ఈ కేసులో మాత్రం 12న పంపమన్న మెయిల్ మన దగ్గర ఉంది. బ్యాంకు ముందు అది చెల్లదు గానీ, బయ్యరుతో మనకున్న అమ్మకం ఒప్పందంలో అది గట్టి సాక్ష్యం. అందుకే ఉత్తరంలో మొదటి అంశం కిందే దాన్ని పెట్టాం. అయినా వినకపోతే, బ్యాంకు వైవర్‌ను అంగీకరించే ముందు డాక్యుమెంట్లు వెనక్కి తెప్పించుకునే హక్కు మనకుంది. వేరే బయ్యరును చూసుకోవడమో, తగ్గించిన ధరకు కొత్తగా రాసుకోవడమో అప్పుడు తేల్చుకోవాలి. కంటెయినర్ రేవులో దిగి, షిప్పింగ్ కంపెనీ ఇచ్చే ఉచిత రోజులు అయిపోయాక డెమరేజీ రోజూ పెరుగుతుంది. 28,800 డాలర్ల బిల్లులో లాభం పల్చగా ఉంటుంది కనుక ఈ నిర్ణయం కంటెయినర్ చేరక ముందే జరగాలి. ఉత్తరంలో ఏప్రిల్ 14 అని గడువు పెట్టింది అందుకే: 20వ తేదీకి ముందు ఇంకో దారి చూసుకోవడానికి ఆరు రోజులు మిగులుతాయి.

డబ్బు వచ్చాక మొత్తం సరిపోలకపోతే కంగారుపడకండి. డిస్క్రిపెన్సీ ఉన్న ప్రతి సెట్టుకూ ఇంత అని అక్కడి బ్యాంకు కోసుకునే రుసుము ఎల్.సి.లోని 47A గడిలోనే రాసి ఉంటుంది. బయ్యరు వైవర్ ఇచ్చినా అది పడుతుంది. అందులో రాసినదాని కంటే ఎక్కువ కోసి ఉంటే, దాని గురించి రాయవలసింది బయ్యరుకు కాదు, మన బ్యాంకు ద్వారా అక్కడి బ్యాంకుకు.